ఎగ్జామ్ వాయిదా అని గ్రూపులో మెసేజ్ వచ్చిందా? నిజమో ఫేకో ఇలా తేల్చుకోండి

2025 ఫిబ్రవరి 22, శనివారం సాయంత్రం. మా పిన్ని కొడుకు విజయవాడ నుంచి ఫోన్ చేశాడు, గొంతులో కంగారు తెలిసిపోతోంది. "అన్నా, గ్రూప్-2 మెయిన్స్ వాయిదా అంట, గవర్నమెంట్ లెటరే వచ్చింది, గ్రూపులో అందరూ పెడుతున్నారు, బస్ టికెట్ క్యాన్సిల్ చేసేయనా?" అని. తెల్లారితే ఎగ్జామ్. వాడి సెంటర్ విశాఖలో, బస్సు రాత్రి తొమ్మిదిన్నరకి. ఆలోచించుకోడానికి మూడు గంటలు కూడా లేదు.

ఇందులో అసలు మెలిక ఏంటంటే ఆ లెటర్ ఫేక్ కాదు. నిజంగానే రాష్ట్ర ప్రభుత్వం ఏపీపీఎస్సీకి రాసిన లెటర్. పోస్టుల్లో రిజర్వేషన్ల వరస చెప్పే రోస్టర్ విషయం కోర్టులో ఉంది, విచారణ మార్చి 11న ఉంది, అప్పటిదాకా ఎగ్జామ్ ఆపమని కోరుతూ రాశారు. కానీ ఎగ్జామ్ ఆగలేదు. కమిషన్ వాయిదా కుదరదని చెప్పేసింది, 23 ఆదివారం పొద్దున పదింటికి పేపర్ వన్, మధ్యాహ్నం మూడింటికి పేపర్ టూ, చెప్పిన టైముకే జరిగిపోయాయి. మెయిన్స్‌కి క్వాలిఫై అయిన వాళ్లు 92 వేల పైన ఉన్నారు, వాళ్లలో ఎంతమంది ఆ సాయంత్రం మా వాడిలాగే బ్యాగు సర్దాలా వద్దా అని కూర్చున్నారో.

అందుకే ఫేక్ నోటీసు పట్టుకోవడం అంటే ఫాంటు చూడ్డం, స్పెల్లింగ్ మిస్టేకులు వెతకడం అని చాలామంది అనుకుంటారు గానీ నేను దానితో మొదలుపెట్టను. కాగితం నిజమైనదే అయినా వార్త అబద్ధం అవ్వచ్చు. ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే, ఈ డేట్ మార్చే అధికారం ఎవరిది, వాళ్లు మార్చామని వాళ్ల సొంత చోట పెట్టారా. కింద చెప్పేవన్నీ ఈ ప్రశ్న చుట్టూ తిరిగేవే, నేను చేసే వరసలోనే రాస్తున్నాను.

మొదటి పని: మెసేజ్‌లో క్రియ ఏముందో చదవండి

ఇది అర నిమిషం పని, కానీ సగం పుకార్లు ఇక్కడే రాలిపోతాయి. వాయిదా అన్న మాట కనపడగానే గుండె ఝల్లుమని మిగతాది చదవం. ఆ మాట పక్కన ఏముందో చూడండి.

"వాయిదా వేయాలని" అంటే ఎవరో అడుగుతున్నారు, అభ్యర్థులో, ఎమ్మెల్సీనో, ప్రభుత్వమో. "వాయిదా పడే అవకాశం", "వాయిదా దిశగా" అంటే రాసినాయన ఊహ. "వాయిదాపై నేడు నిర్ణయం" అంటే ఇంకా నిర్ణయం అవ్వలేదని వాళ్లే చెప్తున్నారు. "వాయిదా వేస్తూ కమిషన్ ప్రకటన" అని ఉంటే అప్పుడు మాత్రమే తర్వాతి పని మొదలుపెట్టాలి, అది కూడా నమ్మడానికి కాదు, చెక్ చేయడానికి.

మన భాషలో ఇంకో చిక్కు ఉంది. కోర్టులో కేసు ఇంకో రోజుకి వెళ్లినా వాయిదా అనే అంటాం, ఎగ్జామ్ వెనక్కి జరిగినా వాయిదా అనే అంటాం. "గ్రూప్-2పై హైకోర్టు విచారణ మార్చి 11కి వాయిదా" అని స్క్రోలింగ్ వస్తే దాన్ని ఫొటో తీసి, ముందు వెనక కత్తిరించి, "గ్రూప్-2 మార్చి 11కి వాయిదా" అని ఎవరో టైప్ చేస్తారు. వాళ్లలో కొంతమంది కావాలని కూడా చేయరు, నిజంగానే అలా అర్థమైంది వాళ్లకి. స్టే లేకుండా కేసు వాయిదా పడిందంటే ఆ రోజు కోర్టు ఎగ్జామ్ ఆపలేదని అర్థం, అంటే దాదాపు ఉల్టా వార్త. ఎగ్జామ్ ఆపాలంటే కోర్టు స్టే ఇవ్వాలి, స్టే ఇస్తే దాని మీద కమిషన్ మళ్లీ నోటు పెడుతుంది. మా పిన్ని కొడుకు పంపిన లెటర్ ఫొటో జూమ్ చేసి చదివితే అందులో ఉన్నదీ అదే, వాయిదా వేయమని కోరడం. ఎవరు ఎవరికి రాశారు అన్నది చూసినా సరిపోయేది. రాసింది ప్రభుత్వం, అందుకోవాల్సింది కమిషన్. నిర్ణయం చెప్పే కాగితం అయితే కమిషన్ నుంచి అభ్యర్థులకి ఉంటుంది.

రెండో పని: ఈ ఎగ్జామ్ పెట్టేది ఎవరు, వాళ్ల పైన ఎవరున్నారు

ఇది చాలామంది పట్టించుకోరు. ఏపీపీఎస్సీ, టీజీపీఎస్సీ లాంటివి రాజ్యాంగం ఆర్టికల్ 315 కింద ఏర్పడిన సంస్థలు. మంత్రి గారు మీటింగులో చెప్పినా, సెక్రటేరియట్ నుంచి లెటర్ వెళ్లినా అది కమిషన్‌కి చేసే రిక్వెస్ట్ కిందకే వస్తుంది, కమిషన్ ఒప్పుకుని నోటు పెడితేనే డేట్ మారినట్టు. 2025 ఫిబ్రవరిలో జరిగింది ఇదే.

అన్ని ఎగ్జామ్‌లూ ఇలా ఉండవు. డీఎస్సీ చూడండి, అది పెట్టేది పాఠశాల విద్యాశాఖే, అక్కడ శాఖ మాటే ఫైనల్. ఏపీ మెగా డీఎస్సీ 2025లో జూన్ 20, 21 తేదీల పరీక్షలు యోగా డే వల్ల జులై 1, 2కి మార్చారు, శాఖే ప్రకటించింది. ఇక్కడ ఇంకొకటి గమనించండి, మారింది ఆ రెండు రోజుల పరీక్షలు మాత్రమే, మిగతా వాళ్ల డేట్లు అలాగే ఉన్నాయి. గ్రూపుల్లో ఇలాంటివి "డీఎస్సీ వాయిదా" అన్న రెండు ముక్కలుగా తిరుగుతాయి, మీ సబ్జెక్టుకి, మీ సెషన్‌కి వర్తిస్తుందా లేదా అన్నది ఆ రెండు ముక్కల్లో ఉండదు. హాల్ టికెట్ పక్కన పెట్టుకుని అసలు ప్రకటన చదవాల్సిందే.

ఇక నీట్ పీజీ. అది పెట్టేది కేంద్ర ఆరోగ్యశాఖ కింద ఉండే ఎన్‌బీఈఎంఎస్. 2024 జూన్ 23న ఎగ్జామ్ అయితే 22 రాత్రి ఆరోగ్యశాఖే వాయిదా అని ప్రకటించింది, అది నిజం. అదే వారంలో యూజీసీ నెట్ జూన్ 18న రాయించి 19న రద్దు చేశారు, అదీ నిజమే. కాబట్టి "ముందు రోజు రాత్రి వాయిదా వేస్తారా, ఇది ఫేకే" అని కొట్టిపారేయడం కూడా తప్పే. టైము చూసి, టోన్ చూసి తేల్చే విషయం కాదు ఇది.

మీరు రాసే ఎగ్జామ్ నోటిఫికేషన్ ఒకసారి తెరిచి, నిర్వహించేది ఎవరు, అప్‌డేట్లు ఏ వెబ్‌సైట్‌లో పెడతామన్నారు, ఈ రెండూ నోట్‌బుక్ వెనక పేజీలో రాసి పెట్టుకోండి. అప్లై చేసిన రోజే చేస్తే మంచిది, కంగారులో వెతికితే గూగుల్‌లో ముందు వచ్చిన ఏదో ఒక సైటు తెరుస్తాం.

మూడో పని: లింక్ నొక్కకండి, మీరే టైప్ చేసుకుని వెళ్లండి

గ్రూపులో వచ్చిన లింక్ ఎంత కరెక్టుగా కనపడినా సరే, బ్రౌజర్ తెరిచి అడ్రస్ చేత్తో కొట్టండి. ఏపీపీఎస్సీకి `psc.ap.gov.in`, తెలంగాణ కమిషన్‌కి `tgpsc.gov.in`, యూజీసీ నెట్ పెట్టే ఎన్‌టీఏకి `nta.ac.in`, ఎన్‌బీఈఎంఎస్‌కి `natboard.edu.in`.

లింక్ చూసి అసలుదో కాదో చదవడం ఎలాగో కూడా చెప్తాను, ఒకసారి పట్టు దొరికితే జీవితాంతం పనికొస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ముందుంటుంది కదా, వెబ్ అడ్రస్‌లో ఇంటిపేరు చివర ఉంటుంది. `https://` తర్వాత వచ్చే మొదటి అడ్డగీత `/` దాకా చూడండి, ఆ గీతకి ముందు చిట్టచివర ఉన్న ముక్కలే ఆ సైటు ఎవరిదో చెప్తాయి. ఈ రెండూ చూడండి:

```
https://psc.ap.gov.in/
https://psc.ap.gov.in.example.com/
```

రెండో దాంట్లో కూడా `psc.ap.gov.in` అంతా ఉంది, కానీ ఇంటిపేరు `example.com`. ముందున్నదంతా ఎవడైనా తనకి నచ్చినట్టు తగిలించుకోవచ్చు. ఫోన్ స్క్రీన్ మీద పొడుగు అడ్రస్ సగమే కనపడుతుంది కాబట్టి ముందు ముక్క చూసి నమ్మేస్తాం. చుక్క ఉండాల్సిన చోట చిన్న గీత పెట్టి గవ్ అన్న మాట ఇరికించడం ఇంకో పద్ధతి. `.gov.in` తో ముగిసే అడ్రస్ ప్రభుత్వ సంస్థలకి తప్ప బయట వాళ్లకి ఇవ్వరు, అందుకే చివరిది `gov.in` అయి, దాని ముందు చుక్క ఉంటే అది ప్రభుత్వ సైటు అని ధైర్యంగా అనుకోవచ్చు.

కానీ దీన్ని తిరగేసి వాడకండి. `gov.in` లేనంత మాత్రాన ఫేక్ కాదు. పైన చెప్పిన `natboard.edu.in` నిజమైనదే. తెలంగాణ డీఎస్సీ 2024కి అసలు సైటే `tgdsc.aptonline.in`, చూస్తే ప్రైవేటు సైటులా ఉంటుంది. ఇలాంటి వాటికి నోటిఫికేషన్‌లో ఏ అడ్రస్ అచ్చు వేశారో అదే ఆధారం, అందుకే వెనక పేజీలో రాసుకోమన్నది.

నాలుగో పని: కాగితాన్ని దగ్గరగా చూడటం

సైటు తెరుచుకునే లోపు, లేదా తెరుచుకోకపోతే, చేతిలో ఉన్న ఇమేజ్‌ని చదవండి. దీంతో నిజమని తేల్చలేరు, ఫేక్ అని మాత్రం చాలాసార్లు తేల్చగలరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి. లోగో, లెటర్‌హెడ్, సంతకం అన్నీ పాత పీడీఎఫ్ నుంచి కాపీ చేసుకోవచ్చు కాబట్టి అవి ఉన్నాయంటే ఏమీ రుజువు అవ్వదు. తప్పు దొరికితే మాత్రం అది ఖాయంగా పనికొస్తుంది.

నేను చూసిన ఒకటి చెప్తాను. 2024 చివర్లో, తెలంగాణ గ్రూప్-2 డిసెంబర్ 15, 16 తేదీల్లో ఉంది అనగా, ఒక ఫ్రెండ్ నాకు ఒక నోటు ఫొటో పంపాడు, వాళ్ల స్టడీ గ్రూపులో వచ్చిందట. ఇంగ్లిషులో ఉంది, గ్రూప్-2 సర్వీసెస్ పరీక్ష వాయిదా, కొత్త తేదీలు తర్వాత చెప్తాం అని. భాష శుభ్రంగా ఉంది, సెక్రటరీ అని కింద ఉంది, ఎక్కడా స్పెల్లింగ్ తప్పు లేదు. పైన మాత్రం కొంచెం కత్తిరించినట్టు ఉంది, డేట్ ఉండాల్సిన చోట సగం అక్షరాలు తెగిపోయి ఉన్నాయి. రెండోసారి చదివితే అసలు సంగతి దొరికింది, లోపల సంస్థ పేరు టీఎస్‌పీఎస్సీ అని ఉంది. ఆ కమిషన్ పేరు 2024లోనే టీజీపీఎస్సీగా మారిపోయింది. అంటే అది పాత నోటు, కొత్తగా పుట్టించింది కాదు.

ఆ ఎగ్జామ్ చరిత్ర తెలిస్తే ఆ పాత నోటు అంత తేలిగ్గా ఎందుకు పారిందో అర్థమవుతుంది. 783 పోస్టులకి 2022 డిసెంబర్‌లో నోటిఫికేషన్ ఇచ్చారు. ముందు 2023 ఆగస్టు 29, 30 అన్నారు, అది నవంబర్ 2, 3కి మారింది, అది 2024 జనవరి 6, 7కి మారింది, మళ్లీ ఆగస్టు 7, 8కి, చివరికి డిసెంబర్ 15, 16కి. నాలుగుసార్లు నిజంగానే వాయిదా పడింది. ప్రతిసారీ ఒక అసలు నోటు పుట్టింది, అవన్నీ ఫోన్ గ్యాలరీల్లో అలాగే ఉన్నాయి. ఒకడు పొరపాటున ఫార్వర్డ్ చేసినా చాలు. ఇన్నిసార్లు దెబ్బతిన్న వాళ్లు ఐదోసారి కూడా నమ్మితే వాళ్లని తప్పుపట్టలేం.

అందుకని కాగితంలో నేను చూసేవి ఇవి. నోటు మీద డేట్ ఉందా, సంవత్సరంతో సహా ఉందా, దాని చుట్టూ కత్తిరించారా. నోటిఫికేషన్ నంబర్ మీ అప్లికేషన్‌లో ఉన్నదేనా, ఏపీ గ్రూప్-2కి 11/2023, ఇది అందరి హాల్ టికెట్ కాగితాల్లో దొరుకుతుంది, పుకారు పుట్టించే వాళ్లు తరచుగా దీన్ని వదిలేస్తారు. తేదీకి పక్కన రాసిన వారం సరిపోయిందా, ఫోన్ క్యాలెండర్ తెరిచి చూడండి, 2025 ఫిబ్రవరి 23 ఆదివారం, దాని పక్కన సోమవారం అని ఉంటే ఇంకేం చూడక్కర్లేదు. పాత తేదీ కరెక్టుగా చెప్పారా. నిజమైన వాయిదా నోటులో ఫలానా తేదీన జరగాల్సిన ఫలానా పరీక్ష అని ముందు పాతది చెప్పి తర్వాత కొత్తది చెప్తారు, పాత డేటే తప్పుంటే ఆ కాగితం రాసినవాడికి ఆ ఎగ్జామ్ సంగతే తెలియదు.

క్యూఆర్ కోడ్ సంగతి ఒకటి. ఎన్‌బీఈఎంఎస్ 2020 జులై నుంచి తన నోటీసుల మీద క్యూఆర్ కోడ్ వేస్తోంది, స్కాన్ చేస్తే వాళ్ల సైటులో అదే నోటీసు తెరుచుకుంటుంది. ఇది మంచి ఏర్పాటు, కానీ కోడ్ ఉంది కదా అని వదిలేయకండి, స్కాన్ చేసి చూడండి, తెరుచుకున్న అడ్రస్ ఇంటిపేరు చూడండి, తెరుచుకున్న కాగితం మీ చేతిలో ఉన్న కాగితం ఒకటేనా అని డేట్లు పోల్చండి. కోడ్ బొమ్మని కూడా పాత నోటీసు నుంచి కత్తిరించి అతికించొచ్చు కదా. 2022లో నీట్ పీజీ మే 21 నుంచి జులై 9కి వాయిదా అని ఎన్‌బీఈఎంఎస్ పేరుతో ఒక నోటీసు తిరిగింది, కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ నడిపే ఫ్యాక్ట్ చెక్ అది ఫేక్ అని చెప్పింది, ఎగ్జామ్ మే 21నే జరిగింది. కొత్త తేదీ కూడా వేసి మరీ చేశారు, అంత వివరంగా ఉంటే మనకి నమ్మకం పెరుగుతుందని వాళ్లకి తెలుసు.

పీడీఎఫ్ వస్తే కొంతమంది ప్రాపర్టీస్‌లో తయారైన తేదీ చూడమంటారు. చూడొచ్చు, నిన్న వచ్చిందన్న ఫైలు రెండేళ్ల కిందట తయారైందని ఉంటే గుట్టు తెలిసిపోతుంది. కానీ ఆ తేదీని మార్చడం సులువు, ప్రింట్ తీసి స్కాన్ చేస్తే కొత్త తేదీ పడుతుంది, కాబట్టి దాని మీద ఎక్కువ ఆధారపడకండి.

వాట్సాప్‌లో రెండు బాణాలతో చాలాసార్లు ఫార్వర్డ్ అయిందని గుర్తు వస్తుంది, ఐదు చేతులు దాటితే అది పడుతుంది. అది ఉంటే జాగ్రత్తపడండి, లేకపోతే మాత్రం ధైర్యపడకండి, ఎందుకంటే స్క్రీన్‌షాట్ తీసి కొత్తగా పెడితే ఆ గుర్తు పోతుంది. టీవీ బ్రేకింగ్ కార్డు, పేపర్ కటింగ్ కూడా అంతే, ఆ ఛానెల్ సొంత పేజీలో, ఆ పేపర్ ఆ రోజు ఈ-పేపర్‌లో ఉందా అని చూడండి. ఉన్నా కూడా వెనక్కి వెళ్లి మొదటి పని చేయండి, క్రియ ఏంటో చదవండి.

ఐదో పని: సైటులో దాంతో పోల్చడం

సైటు తెరిచాక హోమ్ పేజీ చూసి వెనక్కి వచ్చేయకండి. వెబ్‌నోట్లు, ప్రెస్ నోట్లు, వాట్స్ న్యూ అని ఏ పేరుతో ఉన్నా ఆ లిస్టు తెరిచి, పై నుంచి నాలుగైదు నోట్ల తేదీలు చూడండి. నిన్న మొన్నటి నోట్లు కనపడుతున్నాయి, వాయిదా నోటు లేదు అంటే సైటు అప్‌డేట్ అవుతూనే ఉంది, నోటు మాత్రం లేదు అని అర్థం. అదే లిస్టులో ఆఖరి నోటు నెల కిందటిది అయితే మీ బ్రౌజర్ పాత పేజీ చూపిస్తుండొచ్చు, రిఫ్రెష్ కొట్టండి, లేదంటే ఇన్‌కాగ్నిటో విండోలో తెరవండి.

నోటు ఉంటే దాన్ని సైటు నుంచే డౌన్‌లోడ్ చేసుకుని చదవండి, గ్రూపులోది పక్కన పడేయండి. అసలు నోటుని తీసుకుని ఒక్క లైను మార్చి తిప్పేవాళ్లూ ఉంటారు, అందుకని గ్రూపులో ఉన్నదాన్ని సైటులో ఇలాంటిదే ఉంది కదా అని ఓకే అనేయకండి.

2025 ఫిబ్రవరి 21నే, అంటే ఆ లెటర్ గోల పెద్దదయ్యే ముందు రోజే, ఏపీపీఎస్సీ వాయిదా అన్న ప్రచారం అబద్ధం, పరీక్షలు యథాతథంగా జరుగుతాయి అని చెప్పింది. మా వాడు ఫోన్ చేసినప్పుడు నేను చేసింది ఇంతే, కమిషన్ ఆఖరి మాట ఏంటో చూశాను, యథాతథం. దాని తర్వాత కమిషన్ ఇంకో మాట చెప్పిందా, లేదు. లెటర్ దాని తర్వాత వచ్చింది నిజమే, కానీ రాసింది కమిషన్ కాదు. "డేట్ మార్చాల్సిన వాళ్ల ఆఖరి మాట ఏదో అదే లెక్కరా, ఎక్కు బస్సు" అన్నాను.

సైటు తెరుచుకోకపోతే

ఇలాంటి సాయంత్రాల్లోనే సైటు మొరాయిస్తుంది, అందరం ఒకేసారి దాని మీద పడతాం కాబట్టి. సైటు డౌన్ అయితే "నోటు పెడుతున్నారు అందుకే ఆపేశారు" అని ఇంకో పుకారు లేస్తుంది, దాన్ని వదిలేయండి, డౌన్ అవ్వడం దేనికీ రుజువు కాదు.

మొబైల్ డేటా నుంచి వైఫైకి మారి చూడండి, పది నిమిషాలు ఆగి చూడండి. మీ రిజిస్టర్డ్ నంబర్‌కి ఎస్ఎంఎస్ ఏమైనా వచ్చిందా చూడండి, రాకపోతే మాత్రం దాన్ని లెక్కలోకి తీసుకోకండి, ఎస్ఎంఎస్‌లు ఆలస్యంగా వస్తాయి, కొందరికి రావు. నోటిఫికేషన్‌లోనో హాల్ టికెట్ మీదో హెల్ప్‌లైన్ నంబర్ ఉంటే చేయండి, ఆ నంబర్ మాత్రం మీ కాగితం మీద నుంచే తీసుకోండి, గ్రూపులో ఎవరో పెట్టిన నంబర్‌కి చేయొద్దు. కేంద్ర ప్రభుత్వ ఎగ్జామ్ అయితే పీఐబీ ఫ్యాక్ట్ చెక్ వాట్సాప్ నంబర్ 8799711259కి ఆ నోటీసు పంపి అడగొచ్చు. వాళ్లు కేంద్రానికి సంబంధించినవే చూస్తారు, గ్రూప్-2 నోటు పంపితే ప్రయోజనం ఉండదు, పైగా జవాబు అప్పటికప్పుడు రావాలని లేదు.

ఇవన్నీ అయ్యాక కూడా తేలకపోతే ఎటు మొగ్గాలి? నా లెక్క ఇది. వాయిదా పడలేదనుకుని బయల్దేరి, తీరా వాయిదా పడితే పోయేది బస్ ఛార్జీ, ఒక రాత్రి నిద్ర. వాయిదా పడిందనుకుని ఆగిపోయి, ఎగ్జామ్ జరిగితే పోయేది రెండేళ్ల చదువు, మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో ఎవరికీ తెలియదు. కాబట్టి సంస్థ నోటు కళ్లారా చూసేదాకా ఎగ్జామ్ ఉన్నట్టే. పుస్తకం మూయొద్దు, టికెట్ క్యాన్సిల్ చేయొద్దు, బస్సు ఎక్కాక కూడా దారిలో రెండు గంటలకోసారి సైటు చూసుకుంటే చాలు, ప్రతి ఐదు నిమిషాలకి చూస్తే చదివింది కూడా పోతుంది. ఆ రాత్రి గ్రూపులు మ్యూట్‌లో పెట్టేయండి. ప్రెగ్నెంట్‌గా ఉన్నవాళ్లు, చంటిపిల్లలతో దూరం వెళ్లాల్సిన వాళ్లు ఉంటారు, వాళ్లకి ఒక్క రాత్రి ప్రయాణం చిన్న విషయం కాదని తెలుసు, అలాంటివాళ్లు ఒక రోజు ముందే సెంటర్ ఊరు చేరేలా ప్లాన్ చేసుకుంటే ఈ తర్జనభర్జన వాళ్లదాకా రాదు.

ఇంకొక మాట. వాయిదా మెసేజ్‌తో పాటు కొత్త హాల్ టికెట్‌కి ఇంత కట్టండి, డేట్ కన్ఫర్మ్ చేసుకోడానికి ఓటీపీ చెప్పండి అని వస్తే అది పుకారు కాదు, దొంగతనం. డబ్బు కట్టేసి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆగే ఛాన్స్ అంత ఎక్కువ.

గ్రూపులో ఏం పెట్టాలి

తేల్చుకున్నాక గ్రూపులో చెప్పండి, మీలాగే కంగారుపడుతున్నవాళ్లు ఇంకో రెండొందల మంది ఉన్నారక్కడ. ఫేక్ నోటీసునే మళ్లీ అప్‌లోడ్ చేసి పైన ఫేక్ అని రాయొద్దు, మీ రాత విడిపోయి బొమ్మ ఒక్కటే ఇంకో గ్రూపుకి వెళ్తుంది. బొమ్మ పెట్టాల్సి వస్తే దాని మీదే అడ్డంగా పెద్ద అక్షరాలతో అబద్ధం అని రాసి పెట్టండి. "నిజమేనా ఇది?" అని అడుగుతూ ఫార్వర్డ్ చేయడం కూడా పంచడమే, అడగాలంటే తెలిసినవాళ్లకి విడిగా పంపి అడగండి. పెట్టినవాళ్లని తిట్టకండి, వాళ్లు కూడా నిద్రపోకుండా చదువుతున్నవాళ్లే, తిడితే తప్పు ఒప్పుకోడానికి మొహమాటపడి ఆ మెసేజ్ డిలీట్ చేయరు.

ఆ శనివారం రాత్రి మా వాడు బస్సు ఎక్కి కూర్చున్నాక వాళ్ల గ్రూపులో ఏం పెట్టాలని అడిగితే నేను చెప్పింది ఇది, కావాలంటే మీరూ డేట్లు మార్చుకుని వాడుకోండి: "రాత్రి 9:40కి `psc.ap.gov.in` చూశాను. వాయిదా నోటు లేదు. తిరుగుతున్నది ప్రభుత్వం కమిషన్‌ని అడుగుతూ రాసిన లెటర్, కమిషన్ నిర్ణయం కాదు. కమిషన్ 21న చెప్పింది యథాతథం అని. నేను బయల్దేరాను, దారిలో మళ్లీ చూసి చెప్తా." అందులో టైము ఉంది, ఎక్కడ చూశాడో ఉంది, ఎవరైనా అదే సైటుకి వెళ్లి సరిచూసుకోవచ్చు. కాసేపటికి కింద ఒకమ్మాయి రాసిందట, "థాంక్స్ బ్రో, నేను కూడా కాకినాడ బస్ ఎక్కుతున్నా" అని.